ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ లేచిందా? మూత పడట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో నాకు ల్యాప్‌టాప్ రిపేర్ షాపుంది. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి వైపు నుంచీ, అప్పుడప్పుడు శ్రీకాకుళం నుంచీ మెషీన్లు వస్తుంటాయి. ఎండాకాలం వచ్చిందంటే "టచ్‌ప్యాడ్ పాడైంది, మార్చండి" అని వచ్చేవాళ్లు పెరుగుతారు. విప్పి చూస్తే చాలాసార్లు టచ్‌ప్యాడ్‌కి ఏమీ అయ్యుండదు, కింద బ్యాటరీ పూరీలా పొంగి ఉంటుంది. కౌంటర్ దగ్గర రోజూ చెప్పే జవాబులే ఇవి.

టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచింది, క్లిక్ కూడా సరిగ్గా పడట్లేదు. టచ్‌ప్యాడ్ మార్చాల్సిందేనా?

మార్చే ముందు బ్యాటరీ చూడాలి. ఇప్పుడొచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఉండేది మనం టైప్ చేసేటప్పుడు అరచేతులు ఆనించే చోటు కిందే. టచ్‌ప్యాడ్ సరిగ్గా దాని మీద కూర్చుని ఉంటుంది, రెంటి మధ్య సందు ఒకట్రెండు మిల్లీమీటర్లకు మించదు. బ్యాటరీ కాస్త ఉబ్బినా ఆ సందు నిండిపోతుంది. టచ్‌ప్యాడ్ నొక్కితే కిందకి దిగడానికి చోటుండదు కాబట్టి ముందు క్లిక్ గట్టిపడుతుంది. తర్వాత మనం నొక్కకుండానే క్లిక్‌లు పడటం, కర్సర్ గెంతడం మొదలవుతుంది. ఆ తర్వాతే అంచు పైకి లేచినట్టు కంటికి కనిపిస్తుంది.

చాలామంది ఈ మూడో దశలోనే వస్తారు. క్లిక్ గట్టిపడిన రోజే అనుమానం రావాలి.

బ్యాటరీయేనని విప్పకుండా తెలుసుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేసి, మూత మూసి చదునైన గచ్చు మీద గానీ గ్రానైట్ బండ మీద గానీ పెట్టండి. ఒక మూల మీద వేలితో మెల్లగా తాకితే కుర్చీ కాలు పొట్టిదైనట్టు ఊగుతోందంటే అడుగు కవర్ ఉబ్బి ఉండొచ్చు. తర్వాత మూత తెరిచి, పిల్లల స్కేలు ఒకటి తీసుకుని టచ్‌ప్యాడ్ మీదుగా అడ్డంగా నిలబెట్టండి. స్కేలు మధ్యలో ఆనుకుని రెండు చివర్లా వెలుతురు కనిపిస్తే కింద నుంచి ఏదో తోస్తోందని అర్థం. ముందు అంచున పై భాగానికీ అడుగు కవర్‌కీ మధ్య గోరు దూరేంత సందు వచ్చిందా అనేది కూడా చూడండి.

వేలితో గట్టిగా నొక్కి "మెత్తగా ఉందా" అని మాత్రం పరీక్షించకండి. కొంతమంది వచ్చి నా ఎదురుగానే నొక్కి చూపిస్తారు, నాకు గుండె ఆగినంత పనవుతుంది.

కింద పడటం వల్ల బాడీ వంగినా ఇలాంటి సందే వస్తుంది. అయితే అది పడిన రోజే వచ్చి, అంతే ఉండిపోతుంది. బ్యాటరీ వల్ల వచ్చినది వారం వారం పెరుగుతుంది.

మూత పూర్తిగా పడట్లేదు. హింజ్ లూజైందా?

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు వచ్చారు. "ఏటి బాబూ, మూత మూస్తే రెండు వేళ్ల ఎడం ఉండిపోతోంది. హింజ్ బిగించు" అన్నారు. మూడేళ్ల మెషీన్. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నారట. అప్పట్నుంచీ బల్ల మీదే, రాత్రీ పగలూ చార్జర్ గుచ్చే ఉంటుంది. పక్కనే పడమటి కిటికీ.

హింజ్ చూశాను, గట్టిగానే ఉంది. టచ్‌ప్యాడ్ మధ్యలో ఎత్తుగా ఉంది, స్పేస్‌బార్ దగ్గర కీబోర్డు కూడా కొంచెం గుట్టలా లేచింది. మూత మూస్తే స్క్రీన్ వచ్చి ఆ గుట్ట మీద ఆనుతోంది, అందుకే ఎడం. "మాస్టారూ, బలవంతంగా మూశారా ఎప్పుడైనా?" అంటే, బ్యాగులో పట్టక మీద రెండు పుస్తకాలు పెట్టి ఉంచారట. అలా ఒత్తితే ఒకవైపు స్క్రీన్ పగులుతుంది, రెండోవైపు బ్యాటరీ లోపలి పొరలు నలుగుతాయి. ఆయన అదృష్టం, రెండూ జరగలేదు.

అడుగు కవర్ తీస్తే మూడు సెల్స్‌లో రెండు ఉబ్బి ఉన్నాయి. ఉబ్బని సెల్ మందం 5 మిల్లీమీటర్లుంటే, మధ్య సెల్ నడుం దగ్గర 11 ఉంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టగానే టచ్‌ప్యాడ్ తనంతట తనే కిందకి దిగింది. కీబోర్డు కింద పలక మాత్రం కాస్త వంపు తిరిగి అలాగే ఉండిపోయింది. రెండు నెలల ముందొచ్చి ఉంటే ఆ వంపు ఉండేది కాదు. హింజ్ నేను ముట్టుకోలేదు.

అసలు లోపల ఏమవుతుంది? గాలి ఎలా వస్తుంది?

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో టార్చిలైటు సెల్స్‌లాంటి గుండ్రటి ఉక్కు డబ్బాలుండేవి. అవి పాడైనా బయటికి ఉబ్బు కనిపించేది కాదు. ఇప్పటివి పల్చగా ఉండాలి కాబట్టి పాల ప్యాకెట్‌లాంటి అల్యూమినియం పూత సంచిలో పొరలు పేర్చి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవంతో తడిపి అంచులు సీల్ చేస్తారు. ఆ ద్రవం మండే స్వభావం ఉన్న సాల్వెంట్. సెల్ పూర్తిగా నిండి ఉండి, పైగా వేడి తగులుతూ ఉంటే ఆ ద్రవం కొద్దికొద్దిగా విరిగిపోయి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్‌లాంటి వాయువులు పుడతాయి. సంచికి దారి లేదు కనుక ఉబ్బుతుంది. బయట మర్చిపోయిన పెరుగు ప్యాకెట్ పులిసి ఉబ్బడం చూశారు కదా, అలాంటిదే. కాకపోతే దీనిలోని వాయువు అంటుకుంటుంది.

రెండో దారి కూడా ఒకటుంది, దీని గురించి తక్కువమందికి తెలుసు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ల్యాప్‌టాప్‌ని అలాగే బీరువాలో ఏడాది పెట్టేస్తే సెల్ వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా దిగిపోయి లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటివి కూడా ఉబ్బుతాయి.

మా ఊళ్లో కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువ. దానివల్లే ఉబ్బిందా?

చాలా అరుదు. గోడలోంచి వచ్చే కరెంటు నేరుగా బ్యాటరీకి పోదు. ముందు అడాప్టర్ దాన్ని 19 లేదా 20 వోల్టులకు దించుతుంది. తర్వాత మదర్‌బోర్డులోని చార్జింగ్ సర్క్యూట్, ఆఖరికి బ్యాటరీలోనే ఉండే చిన్న బోర్డు ఎంత తీసుకోవాలో చూసుకుంటాయి. హెచ్చుతగ్గులకు ముందు పోయేది అడాప్టర్. ఊరి కరెంటు మీద నింద వేసే ముందు ల్యాప్‌టాప్‌ని ఎక్కడ పెట్టి వాడుతున్నారో చూసుకోండి. పరుపు మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి, ఆ వేడంతా బ్యాటరీ కిందే నిలుస్తుంది.

బ్యాకప్ రెండు గంటలు వస్తోంది. అయినా పాడైందంటారా?

అంటాను. బ్యాకప్ వేరు, ఉబ్బు వేరు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

ఒక ఫైలు తయారై, అదెక్కడుందో స్క్రీన్ మీద చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలుంటాయి. మాస్టారి మెషీన్‌లో మొదటిది 45,000 mWh, రెండోది 36,900 mWh. అంటే కొత్తలో పట్టిన దానిలో 82 శాతం ఇంకా పడుతోంది. ఆ అంకె చూసిన వాళ్లెవరైనా బ్యాటరీ భేషుగ్గా ఉందనే అంటారు. కానీ ఉబ్బుని కొలిచే సెన్సర్ అందులో లేదు. ఎంత విద్యుత్తు పట్టిందన్నదే దానికి తెలుసు, సంచిలో వాయువు చేరిందన్న సంగతి తెలీదు. రిపోర్టు బాగుంది కదా అని వాడుతూ పోకండి, స్కేలు చెప్పిందే నమ్మండి.

ఇప్పుడే గమనించాను. ముందు ఏం చేయాలి?

చార్జర్ తీసేయండి. మళ్లీ పెట్టొద్దు, "ఒక్క పది నిమిషాలు" అని కూడా వద్దు. చార్జ్ చేస్తున్నప్పుడే ప్రమాదం ఎక్కువ.

తర్వాత చేయి పెట్టి చూడండి. మామూలుగా ఉండాల్సిన దానికన్నా వేడిగా ఉన్నా, నెయిల్ పాలిష్ రిమూవర్‌లాంటి తియ్యటి ఘాటు వాసన వచ్చినా, బుస్సుమనే శబ్దం వినిపించినా ఫైల్స్ సంగతి మర్చిపోండి. మోసుకెళ్లగలిగే స్థితిలో ఉంటే ఆరుబయట సిమెంటు గచ్చు మీద పెట్టి దూరంగా వచ్చేయండి. పొగ మొదలైతే ముట్టుకోవద్దు.

ఇవేవీ లేకుండా చల్లగా ఉండి, కొంచెం లేచిందంతే అంటే, చార్జర్ లేకుండానే ఆన్ చేసి ముఖ్యమైన ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆ పనిలో చార్జ్ కూడా తగ్గుతుంది, అది మంచిదే. నిండుగా ఉన్న సెల్‌ కన్నా ఖాళీ అయిన సెల్ అంటుకున్నా నష్టం తక్కువ. పక్కనే కూర్చుని చేయండి, ఒళ్లో మాత్రం పెట్టుకోవద్దు. పని కాగానే షట్‌డౌన్ చేయాలి, స్లీప్‌లో పెడితే సరిపోదు. తర్వాత కర్టెన్లు, పరుపులు, గ్యాస్ బండ లేని చోట, ఎండ తగలకుండా గచ్చు మీద ఉంచండి. మూత దానంతటది ఎంతవరకు పడితే అంతవరకే.

గుండుసూదితో చిన్న కన్నం పెట్టి గాలి తీసేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న నవ్వుతూ అడుగుతారు గానీ, చేసేసి తెచ్చినవాళ్లూ ఉన్నారు. సంచి లోపల పాజిటివ్, నెగటివ్ పొరల మధ్య ఉండే తెర మన జుట్టు మందం కూడా ఉండదు. సూది రెండు పొరల్నీ కలిపేస్తే అక్కడే షార్ట్ అయి క్షణాల్లో వేడెక్కుతుంది. వాయువు బయటికొచ్చే చోటే నిప్పు పుడుతుందన్నమాట. ఒకవేళ మంట రాకపోయినా, కన్నంలోంచి గాలిలోని తేమ లోపలికి పోయి ఎలక్ట్రోలైట్‌లోని లవణంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది కళ్లకీ ఊపిరితిత్తులకీ చర్మానికీ చెడ్డది.

మొదట్లో నేనూ ఒకసారి తెలివితక్కువ పని చేశాను. జిగురుతో అతుక్కున్న బ్యాటరీని ఇనుప స్క్రూడ్రైవర్‌తో లేపబోయాను. మొన తగిలిన చోట టప్‌మని చిన్న శబ్దం, తెల్లటి పొగ. పక్కన ఇసుక బకెట్ ఉండబట్టి ఎత్తి అందులో పడేశాను. బల్ల మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి ముందు దాన్నే చూపిస్తాను.

ఫ్రిజ్‌లో పెడితే తగ్గుతుందంటున్నారు?

చల్లబడితే వాయువు కాస్త కుంచించుకుంటుంది, అంతే. వేడెక్కగానే మళ్లీ మొదటికొస్తుంది. పైగా బయటికి తీశాక చెమ్మ పడుతుంది. ఉప్పునీళ్లలో ముంచడం కూడా ఇంతే, వైర్ల దగ్గర తుప్పు పడుతుందే తప్ప సెల్ ఖాళీ అవుతుందన్న నమ్మకం లేదు.

స్క్రూడ్రైవర్ ఉంది, నేనే విప్పి తీసుకోవచ్చా?

బ్యాటరీ స్క్రూలతో బిగించిన మోడల్ అయితే, చేయి తిరిగినవాళ్లయితే తీయొచ్చు. జిగురుతో అంటించిన రకమైతే ఇంట్లో వద్దు. మీ మోడల్ ఏ రకమో విప్పకముందే దాని సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ చూసి తెలుసుకోండి.

చార్జ్ దాదాపు అయిపోయాక, ఆపేసి పూర్తిగా చల్లబడ్డాకే మొదలెట్టండి. కిటికీలు తెరిచి, గచ్చు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. కింద నుంచి బ్యాటరీ తోస్తూ ఉంటుంది కాబట్టి ఒక స్క్రూ పూర్తిగా తీసేసి ఇంకోదానికి పోకూడదు. కారు చక్రం నట్లు వదులు చేసినట్టు అన్నీ కొంచెం కొంచెం తిప్పుతూ రండి. కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాగుంటాయి. కవర్ క్లిప్పులు విప్పడానికి పాత ఏటీఎం కార్డు చాలు, ఇనుము వద్దు. హింజ్ ఉన్న వెనక వైపు నుంచి మొదలెట్టండి, ఎందుకంటే ముందు అంచు లోపలే బ్యాటరీ ఉంటుంది. కార్డు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లోపలికి పోనివ్వకండి.

కవర్ రాగానే అన్నిటికన్నా ముందు మదర్‌బోర్డుకి పోయే బ్యాటరీ కనెక్టర్ తీయాలి. వైర్లు పట్టి లాగొద్దు, ప్లాస్టిక్ భాగాన్ని అటూ ఇటూ మెల్లగా కదుపుతూ తీయండి. తర్వాత బ్యాటరీ స్క్రూలు. ఎత్తేటప్పుడు ఫ్రేమ్ రెండు చివర్లా పట్టుకోండి, వంచకండి. ఎక్కడైనా అతుక్కుని రానంటే అక్కడితో ఆపేయండి. కనెక్టర్ తీసేశారు కాబట్టి అది చార్జ్ అవదు, అలాగే షాపుకి తెండి.

మంట గానీ పొగ గానీ వస్తే నీళ్లు పోయొచ్చా?

ప్లగ్ తీసేసి ఉంటే, లేదా మెయిన్ ఆపేశాక, పోయొచ్చు. దీనిలో లోహరూపంలో లిథియం ఉండదు కాబట్టి నీళ్లతో పేలుతుందన్న భయం అక్కర్లేదు. ఇక్కడ కావలసింది చల్లబరచడం, ఆ పని నీళ్లు బాగా చేస్తాయి. అయితే చెంబుడు కాదు, బకెట్లకొద్దీ కావాలి. పొడి చల్లే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మంటను ఆర్పినా వేడి లోపలే ఉండి ఒక సెల్ నుంచి పక్క సెల్‌కి పాకి మళ్లీ అంటుకోవచ్చు.

పొగ గది నిండిందంటే మాత్రం వీరత్వం వద్దు. ఆ పొగ విషం. పిల్లల్ని, ముసలివాళ్లని బయటికి తెచ్చి, తలుపు వేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆరిపోయాక కూడా దాన్ని ఇంట్లోకి తేకండి, గంటల తర్వాత మళ్లీ అంటుకున్న సందర్భాలుంటాయి.

బ్యాటరీ తీసేసి చార్జర్ మీదే నడపొచ్చా?

చాలా మోడళ్లు నడుస్తాయి. కొన్ని నెమ్మదిస్తాయి, కొన్ని అసలు ఆన్ కావు. నడిస్తే కొత్తది వచ్చేదాకా వాడుకోండి, కాకపోతే కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఐదు నిమిషాలకోసారి సేవ్ చేసుకోవాల్సిందే.

మాది పలాస. విజయనగరం ఎలా పంపాలి? బస్సు పార్సిల్ వేస్తే?

పార్సిల్ వేయకండి, కొరియర్ కూడా వద్దు. ఉబ్బిన బ్యాటరీ ఉన్న పెట్టె మీద ఎవరు ఏం పడేస్తారో తెలీదు, ఇలాంటివి ప్రమాదకర వస్తువుల కింద లెక్క. విమానంలో పాడైన లిథియం బ్యాటరీని చేతిసంచిలోనూ తీసుకెళ్లనివ్వరు. పలాసలోనో శ్రీకాకుళంలోనో నమ్మకమైన మెకానిక్ చేత బ్యాటరీ తీయించేసి, మిగిలిన మెషీన్‌ని మీరే పట్టుకురండి. ఆ ఒక్క పనికి ఇంత దూరం రావడం కూడా అనవసరం, బ్యాటరీ మార్చడం అక్కడివాళ్లూ చేస్తారు. స్కూటర్ డిక్కీలో మిట్టమధ్యాహ్నం పెట్టి తీసుకెళ్లడం మాత్రం అన్నిటికన్నా చెడ్డది.

తీసిన బ్యాటరీ ఎక్కడ పడేయాలి?

చెత్త బండిలో వద్దు. ఆ బండిలో చెత్తను నొక్కుతారు, మిగతాది ఊహించుకోండి. పాత ఇనుపసామాన్ల వాడికి వేస్తే రాగి కోసం సుత్తితో కొడతాడు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే. మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడగండి, లేదా గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సేకరణదారుకి ఇవ్వండి.

అప్పటిదాకా కనెక్టర్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇనుప బకెట్‌లో పొడి ఇసుక పోసి, మధ్యలో పెట్టి, పైన మళ్లీ ఇసుక కప్పండి. బకెట్ వాన తగలని చోట, ఇంటి బయట ఉండాలి. గాలి చొరబడకుండా మూత బిగించొద్దు. నాగావళి ఇసుక తెచ్చుకుంటే బాగా ఎండబెట్టాకే వాడండి.

కొత్త బ్యాటరీ వేశాక మళ్లీ ఉబ్బకుండా ఏం చేయాలి?

ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి వాడేవాళ్లు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకోండి, మిగతావాటికన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. లెనోవో వాళ్లకి Lenovo Vantage యాప్‌లో Conservation Mode అని ఉంటుంది. చాలా హెచ్‌పీ మెషీన్లలో బయోస్‌లో Battery Health Manager, డెల్‌లో Primarily AC Use అనేవి వెతకండి. నెలల తరబడి వాడకుండా పెట్టేస్తే సగం చార్జ్‌తో ఆపేసి పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి చూడండి.

ఆన్‌లైన్‌లో బ్యాటరీ కొంటే ఏం చూసుకోవాలి?

ల్యాప్‌టాప్ మోడల్ పేరు పెట్టి వెతకొద్దు, ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బ్యాటరీలుంటాయి. పాత బ్యాటరీ మీద చీటీ ఫోటో తీసుకుని దానిపై ఉన్న పార్ట్ నంబర్ అక్షరం అక్షరం కలపండి. వోల్టేజీ కూడా సరిపోవాలి. 11.4V అని ఉంటే లోపల మూడు సెల్స్ వరసగా ఉన్నట్టు, 7.6V అంటే రెండే. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. రాగానే తయారీ తేదీ చూడండి. రెండు మూడేళ్లు గోడౌన్‌లో ఉన్నది "కొత్తది" అయినా వయసైపోయిందే, తిప్పి పంపండి. బిగించే ముందు దాన్ని కూడా గచ్చు మీద పెట్టి స్కేలు ఆనించి చూడండి. పెట్టెలోంచి తీసినప్పుడే కొంచెం ఉబ్బి ఉన్నవి నా చేతికి రెండుసార్లు వచ్చాయి.